రెండు తరగతులు, ఒక రికార్డు

ఆ గదిలో రెండు తరగతులు. కిటికీల వైపు రెండో తరగతి పిల్లలు పద్నాలుగు మంది, గుమ్మం వైపు నాలుగో తరగతి వాళ్ళు పదకొండు మంది. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. ఆ దారిలో అటూ ఇటూ తిరగడానికి ఒక్క టీచరు.

ఏడాది మొదట్లో ఇంకో టీచరు బదిలీ మీద వెళ్ళిపోయింది. కొత్త మనిషి వచ్చేదాకా రెండు తరగతులూ నువ్వే చూసుకోవాలమ్మా అంది పెద్దమేడం. బడి మొత్తానికి ఆవిడే ప్రధానోపాధ్యాయురాలు, అందరికీ పెద్దమేడం. టీచరు సరేనంది. పన్నెండేళ్ళ అనుభవం ఉంది కదా, ఇదెంత పని అనుకుంది.

వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. చిన్నవాళ్ళకి అక్షరాలు దిద్దిస్తుంటే పెద్దవాళ్ళు అల్లరి. పెద్దవాళ్ళకి భాగహారం చెప్తుంటే చిన్నవాళ్ళలో ఒకడు రబ్బరు మింగేశానంటూ ఏడుపు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయేది. అప్పుడు ఒక దారి దొరికింది. పెద్దవాళ్ళకి పాఠం తీసి "చప్పుడు చెయ్యకుండా ఇది చూసి రాయండి" అంటే సరి, గంట గంటన్నర గది సద్దుమణిగేది. ఆ గంటన్నరా చిన్నవాళ్ళతో హాయిగా గడిచేది. భోజనాలయ్యాక పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి తన ఓపికా అయిపోయేది, వాళ్ళ కళ్ళూ మూతలు పడేవి. ఓ అరగంట ఏదో చెప్పాననిపించుకునేది. రోజులు అలా అలవాటైపోయాయి.

రికార్డులో మాత్రం అలా లేదు. ఏ రోజు ఏ తరగతికి ఏం చెప్పబోతున్నదీ, ఏం చెప్పిందీ రాసే పుస్తకం అది. శిక్షణలో ఇచ్చిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. అందులో నమూనా ప్రణాళికలు ఒకదాని తర్వాత ఒకటి ముచ్చటగా ఉన్నాయి. ఆదివారం కూర్చుని వాటిని దించేది. గడులు గీసేది మామగారు. పాతికేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి, స్కేలు పెడితే గీత వెంట్రుకవాసి పక్కకి పోదు. ఎర్ర సిరాతో గీసి, "నీ రికార్డు చూస్తే ఎవడైనా కళ్ళకద్దుకోవాలమ్మా" అని మురిసిపోయేవాడు. వారానికోసారి పెద్దమేడం చూసి, చదివి, సంతకం పెట్టేది.

చదివేది. అదే వచ్చింది తంటా.

ఒక సోమవారం పెద్దమేడం పిలిచింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, నీ రికార్డు చుట్టుపక్కల బళ్ళవాళ్ళకి చూపించా. అందరికీ ఇదే అవస్థ, ఒకే గదిలో రెండు తరగతులు. నువ్వెలా నెట్టుకొస్తున్నావో చూస్తామన్నారు. గురువారం పొద్దున్న ముగ్గురొస్తారు. ప్రత్యేకంగా ఏం చెయ్యకు. రోజూ చేసేదే చెయ్యి."

రోజూ చేసేదే. "ఈ గురువారమా మేడం? పిల్లలకి జలుబులు..." అని నసిగింది టీచరు.

"ముక్కు కారితే తుడుచుకుంటారు లేమ్మా. బెంగ పెట్టుకోకు" అని నవ్వేసింది ఆవిడ.

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ మొహంలో అంత సంతోషం చూశాక నోరు పెగల్లేదు.

బుధవారం సాయంత్రం ఇంటికి రాగానే రికార్డు ముందేసుకుంది. ఈసారి దించడం కాదు, నిజంగా ఆలోచించింది. రెండు తరగతులకీ కలిసొచ్చే విషయం ఒకటి కావాలి. పొడవులు కొలవడం తీసుకుంది. మొదట పాతిక నిమిషాలు అందరూ కలిసి. నల్లబల్లని జానలతో కొలవాలి. పిల్లల జానకీ టీచరు జానకీ లెక్క ఎందుకు తేడా వస్తుందో మాట్లాడుకోవాలి. తర్వాత వేరు వేరుగా. చిన్నవాళ్ళు తన దగ్గర కూర్చుని కాగితం ముక్కతో వస్తువులు కొలుస్తారు. అదే సమయంలో పెద్దవాళ్ళు సొంతంగా స్కేలుతో ఆరు వస్తువులు కొలిచి పట్టికలో రాస్తారు. ఆ తర్వాత తను అటు మారుతుంది.

"మొదటి గడికి మధ్య గీత వద్దు మామయ్యా. అది రెండు తరగతులకీ కలిపి" అంది.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇన్నాళ్ళూ పైనుంచి కిందిదాకా గీయించావుగా?"

"ఇది వేరు" అని ఊరుకుంది.

ఆఫీసు బీరువాలోంచి తెచ్చిన అయిదు స్కేళ్ళు ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి. కవరు చించి, ఉండచుట్టి, వంటింటి చెత్తబుట్టలో అడుగుకి నొక్కింది. పెద్దవాళ్ళకి స్కేలు పట్టుకోవడం ఎప్పుడైనా చెప్పానా అని ఒక్క క్షణం అనిపించింది. రికార్డు వెనక్కి తిప్పింది. పోయిన నెల పన్నెండో తారీఖు, నాలుగో తరగతి, స్కేలుతో కొలవడం, పూర్తయింది. తన చేతిరాతే. అది నిజం కాదని తెలుసు. అయినా స్కేలు పెట్టి కొలవడానికి చెప్పేదేముంది, అంకెలు రాసే ఉన్నాయిగా, చూసి రాస్తారు అని సర్దిచెప్పుకుంది.

గురువారం తొమ్మిదింబావుకే ముగ్గురూ వచ్చేశారు. ఇద్దరు టీచరమ్మలు, ఒక పెద్దాయన. ఆయన గుబురు మీసాలవల్ల పిల్లలు కాసేపు బోర్డు చూడటం మానేసి ఆయన్నే చూశారు. గది వెనక కుర్చీలేసుకుని కూర్చున్నారు. పెద్దమేడం వాళ్ళ పక్కన. ఒళ్ళో రికార్డు.

మొదటి పాతిక నిమిషాలూ బ్రహ్మాండంగా నడిచింది. రెండో తరగతిలో బుడంకాయ అనే పొట్టివాడు జానలతో నల్లబల్ల కొలిస్తే ఇరవై రెండు వచ్చింది. టీచరు కొలిస్తే పదమూడు. "టీచర్, మీరు మోసం చేశారు!" అన్నాడు. గదంతా నవ్వులు. ఎందుకిలా అయిందని అడిగితే చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ చేతులెత్తారు. ఇది రోజూ ఎందుకు చెయ్యలేదు నేను అని మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. తీసి పారేసింది.

తర్వాత పెద్దవాళ్ళకి పని చెప్పింది. "ఇదిగో స్కేళ్ళు, ఇదిగో ఆరు వస్తువుల జాబితా. ఇద్దరిద్దరు కలిసి కొలవండి, ఒక చోట ముగ్గురు. సెంటీమీటర్లలో రాయండి. నన్ను పిలవకుండా చేసుకోవాలి." చెప్పి చిన్నవాళ్ళ వైపు తిరిగి, కింద చాప మీద కూర్చుని, కాగితం ముక్కలు పంచింది.

అయిదు నిమిషాలు కూడా కాలేదు.

"టీచర్, నోటుపుస్తకం ఇరవై రెండు."

"కాదు టీచర్, ఇరవైన్నర!"

"మాకు ఎనిమిది, ఇంకా కొంచెం వచ్చింది టీచర్."

అందరి నోటుపుస్తకాలూ ఒకే కొలతవి. ఇరవై ఒక్క సెంటీమీటర్లు. టీచరు మెడ తిప్పి చూసింది. ఒక జట్టు ఒకటి అంకె దగ్గర నుంచి మొదలెట్టింది. ఇంకో జట్టు సున్నాని వదిలేసి స్కేలు అంచునే పుస్తకం అంచుకి ఆనించింది. మూడో జట్టు స్కేలు తిరగేసి అంగుళాల వైపు చూస్తోంది. నాలుగో జట్టు బల్ల కొలవబోయి, స్కేలు అయిపోయేసరికి దాన్ని పట్టుకుని దిక్కులు చూస్తోంది.

"మళ్ళీ చూడండి, సరిగ్గా పెట్టండి" అంది కూర్చున్న చోటి నుంచే.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. ఇక ఒకరి తర్వాత ఒకరు లేచి స్కేలు పట్టుకుని చాప దగ్గరికి వచ్చేశారు. ఆమె లేచి పెద్దవాళ్ళ వైపు వెళ్ళింది. సున్నా ఎక్కడుందో ఒక జట్టుకి చూపించేలోపు చాప మీద కాగితం ముక్కలు విమానాలైపోయాయి. ఒకటి ఎగిరొచ్చి మీసాల మాస్టారి భుజం మీద వాలింది. ఇటు వస్తే అటు గోల, అటు వెళ్తే ఇటు గోల.

"చప్పుడు!" అని అరిచింది.

గది నిశ్శబ్దమైంది. అప్పుడు నాలుగో తరగతిలో కందిరీగ లేచింది. ఏదో ఒకటి అడగందే ఊరుకోదని ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది టీచరే.

"టీచర్, స్కేలు ఎలా పెట్టాలో మాకు ఎప్పుడూ చెప్పలేదు కదా. ఇవాళ చూసి రాసుకోవడం లేదా? రోజూ పొద్దున్న అదే చేస్తాంగా."

ఆ పిల్ల తప్పు పట్టడం లేదు. మామూలుగా అడిగింది. జవాబు కోసం తలెత్తి చూస్తోంది.

వెనక రికార్డు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. టీచరు తల తిప్పకపోయినా ఏ పేజీ తిప్పారో తెలిసింది. కాసేపటికి పుస్తకం మూసిన చప్పుడు. నేల మీద ఉన్న సుద్దముక్కని చూస్తూ నిలబడింది. టీచరమ్మల్లో ఒకావిడ కుర్చీ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఏ మాటా లేకుండా ఒక జట్టుకి సున్నా మీద వేలు పెట్టి చూపించసాగింది. ఆ సాయం చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

విరామం గంట ఎప్పుడు కొట్టారో తెలియదు. పిల్లలు బయటికి పరిగెత్తారు. పెద్దమేడం లేచి, "ఒకసారి రామ్మా" అని తన గదిలోకి నడిచింది.

తలుపు దగ్గరగా వేసింది. రికార్డు బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఏది నిజం?"

టీచరు చాలాసేపు చూసింది. ఎర్ర గీతల మధ్య తన ముత్యాల్లాంటి అక్షరాలు.

"తేదీలు" అంది.

పెద్దమేడం అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. "ప్రతి వారం సంతకం పెట్టా నేను. చదివే పెట్టా. చదివితే చాలనుకున్నా. ఒక్కసారి గది గుమ్మంలో నిలబడి చూడలేదు. ఇంకో మూడు బళ్ళవాళ్ళని పిలిచి మరీ నా సంతకం చూపించుకున్నా" అంది. కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంది.

తనవల్ల ఈ పెద్దావిడ తల దించుకోవలసి వచ్చింది. ఇంతసేపూ తన సిగ్గే తనకి కనబడింది, ఇప్పుడు ఇది దాన్ని మించిపోయింది.

"ఇవాళ్టికి ఇంటికి వెళ్ళిపోమంటారా?"

"వెళ్తే ఆ పాతిక మంది ఏమవుతారు? ఇంకో గంటంబావు ఉంది మధ్యాహ్నానికి. వెళ్ళి పాఠం చెప్పు."

గదికి వచ్చేసరికి మీసాల మాస్టారు చాప మీద కాగితపు విమానాలు ఏరుతున్నాడు. ఆమెకి మొహం చెల్లలేదు. గోడ వైపు తిరిగింది. ఆయనే పలకరించాడు.

"పద్దెనిమిదేళ్ళు నాదీ రెండు తరగతుల గదేనమ్మా. విరామం ఇంకా ఏడు నిమిషాలుంది. ఒక్క మాట అడుగుతా, చెప్తారా? ఇప్పుడు మీరు పక్కనే ఉంటే తప్ప జరగని పని ఎవరిది?"

"పెద్దవాళ్ళది" అంది. "వాళ్ళకి సున్నా నుంచి చెప్పాలి."

"మరి చిన్నవాళ్ళు? మీరు లేకుండా వాళ్ళకి ఏం వచ్చు? పుస్తకంలో ఉన్నది కాదు. నిజంగా వచ్చింది."

నిజంగా వచ్చింది. ఆమె ఆలోచించింది. కాగితం ముక్కని వరసగా పెట్టి లెక్కపెట్టడం వాళ్ళకి పట్టుబడింది, పొద్దున్న గొడవ మొదలయ్యేలోపే చూసింది. ఇరవై దాకా రాయడం వచ్చు. బొమ్మలు వెయ్యడం వచ్చు.

"అయితే పొద్దున్న తిరగేసి వేశారన్నమాట" అన్నాడాయన. "సొంతంగా చేసే పని ఎప్పుడూ వచ్చిన పనే అయ్యుండాలి. కొత్తది మన పక్కన. అంతకుమించి ఇందులో రహస్యం లేదు. నేనూ మొదటి రెండేళ్ళూ చూసి రాయించినవాణ్ణే." ఆ చివరి మాట తనని ఓదార్చడానికే అన్నాడేమో అనిపించింది. అడగలేదు.

రికార్డు పెద్దమేడం దగ్గరే ఉండిపోయింది. సున్నపు గోడకి ఆనించి ఒక చిత్తుకాగితం మీద పెన్సిలుతో రాసింది. పదకొండు నుంచి పదకొండున్నర: చిన్నవాళ్ళు జట్లుగా అయిదు వస్తువులు కాగితంతో, అయిపోయినవాళ్ళు అన్నిటికంటే పొడుగుదీ పొట్టిదీ బొమ్మ వెయ్యాలి. పెద్దవాళ్ళు నా దగ్గర. పదకొండున్నర నుంచి పన్నెండు: పెద్దవాళ్ళు అవే అయిదు వస్తువులు స్కేలుతో, నేను చిన్నవాళ్ళ దగ్గర. చివరి పావుగంట అందరూ కలిసి. గీతలు లేవు. గబగబా రాసిన అక్షరాలు కిందికి జారుతున్నాయి.

గంట కొట్టగానే ముందు చిన్నవాళ్ళని కూర్చోబెట్టింది. అందరి కాగితం ముక్కలూ ఒకే పొడవు ఉండేలా కొత్తవి కత్తిరించి ఇచ్చింది. ఎలా చెయ్యాలో బుడంకాయ చేత అందరి ముందూ ఒకసారి చేయించింది. "సందేహం వస్తే ముందు మీ జట్టునీ, పక్క జట్టునీ అడగండి. అప్పటికీ తెలియకపోతే నా దగ్గరికి రండి" అంది. వెంటనే వెళ్ళిపోలేదు. రెండు నిమిషాలు నిలబడి అన్ని జట్లూ మొదలెట్టాయో లేదో చూసుకుంది. ఆ తర్వాతే గుమ్మం వైపు వెళ్ళింది.

పెద్దవాళ్ళ మధ్య నేల మీద కూర్చుంది. వాళ్ళ మొహాలు చూడటం కష్టమైంది.

"పొద్దున్న మీరు తప్పు చెయ్యలేదు" అంది. "మీకు నేను చెప్పలేదు. చెప్పకుండా చెయ్యమన్నాను."

"పోన్లెండి టీచర్" అన్నాడు ఒకడు, ముసలివాళ్ళు అనే మాట ఎక్కడో విని. మిగతావాళ్ళు నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు.

సున్నా గీతని వస్తువు అంచుకి పెట్టడం, స్కేలు అయిపోతే అక్కడ సుద్దతో గీత పెట్టి మళ్ళీ ఆ గీత మీద సున్నా పెట్టడం, ముప్ఫై, అరవై అని కూడుకుంటూ పోవడం. ఇరవై నిమిషాల్లో పట్టేశారు. ఒక్క పూట ఇరవై నిమిషాలు. అదే నెల్లాళ్ళు ఇవ్వలేకపోయింది వాళ్ళకి.

కిటికీల వైపు నుంచి గోల లేకపోలేదు. ఒక చిన్నది "బొమ్మకి రంగెయ్యచ్చా టీచర్" అంటూ రెండుసార్లు వచ్చింది. ఒకడు కాగితం చింపేసి ఇంకోటి అడిగాడు. అయినా పని సాగింది.

పదకొండున్నరకి పెద్దవాళ్ళకి స్కేళ్ళు వదిలేసి చిన్నవాళ్ళ లెక్కలు చూసింది. బల్ల అందరికీ ఏడు కాగితాలు వస్తే ఒక జట్టుకి ఎనిమిది వచ్చింది. మళ్ళీ చెయ్యమని పక్కన కూర్చుంది. కాగితాన్ని ముందుకి జరిపేటప్పుడు పాత చోటి మీదికి కాస్త ఎక్కించేస్తున్నారు. తప్పు తనకంటే ముందు పక్క జట్టు పిల్లే పట్టేసింది.

చివరి పావుగంట అందరూ నల్లబల్ల దగ్గరికి వచ్చారు. చిన్నవాళ్ళు రాసుకునే బల్ల ఏడు కాగితాలంటే పెద్దవాళ్ళు ఎనభై నాలుగు సెంటీమీటర్లన్నారు. "మరి కాగితం ఎంతుంటుంది?" అని అడిగింది. కందిరీగ వేళ్ళు లెక్కపెట్టి "పన్నెండు" అంది. బుడంకాయ నమ్మలేదు. ఆ పిల్ల వాడి కాగితం పక్కన స్కేలు పెట్టి, వాడి వేలు పట్టుకుని సున్నా నుంచి పన్నెండు దాకా జరిపింది. వాడు నోరు తెరిచి చూశాడు.

వెనక టీచరమ్మలిద్దరూ తమ పుస్తకాల్లో ఏదో రాసుకుంటున్నారు. పెద్దమేడం గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో.

అతిథులు వెళ్ళేటప్పుడు మామూలు మాటలే అన్నారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వాళ్ళు గేటు దాటాక పెద్దమేడం రికార్డు తెరిచి, నాలుగో తరగతి గడిలో "పూర్తయింది" అని ఉన్న ప్రతి చోటా పెన్ను పెట్టి అడిగింది. ఇది చెప్పావా? ఇది? టీచరు ఒక్కొక్కదానికీ నిజం చెప్పింది. పదహారు పాఠాలు కొట్టేసింది ఆవిడ. ప్రతి కొట్టివేత కిందా ఇద్దరూ సంతకాలు పెట్టారు.

"వీటిని మళ్ళీ చెప్పాలి. బడి గంటకంటే ముందు ఒక అరగంట తీసుకో. రోజుమార్చి రోజు నేనొచ్చి చూస్తాను. ఇది శిక్షనుకోకు, నేనూ చూడటం నేర్చుకోవాలి" అంది. "తల్లిదండ్రులకి నేను చెప్పనా?" అని అడిగింది.

"వద్దు మేడం. నేనే చెప్తాను."

సాయంత్రం గేటు దగ్గర నిలబడింది. పెద్దవాళ్ళ పదకొండు ఇళ్ళల్లో ఆరు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళడానికి వస్తారు. ఇద్దరు విని తలూపి వెళ్ళిపోయారు. ఒక తండ్రి ఫోనులో మాట్లాడుతూ "సరే సరే" అన్నాడు, విన్నాడో లేదో. తర్వాత కందిరీగ వాళ్ళమ్మ వచ్చింది. బట్టలు కుట్టే చోట పని చేస్తుంది. మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది.

టీచరు చెప్పింది. పొద్దున్నపూట పాఠాలు చెప్పలేదని, చూసి రాయించానని, పదహారు పాఠాలు పోయాయని.

ఆవిడ కూతురి సంచీ అందుకుంది.

"రాత ముత్యాల్లా ఉందని ఇంట్లో అందరికీ చూపించుకున్నానండీ" అంది. "బాగా చదువుతోందనుకున్నా. మీరూ అలాగే అన్నారు మొన్న."

"అన్నానండీ."

"మరి అదీ...?"

టీచరు చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ చూపు తప్పించుకోవాలనిపించింది, తప్పించుకోలేదు.

"రేపటి నుంచి ముందుగా పంపండి. తొమ్మిదికల్లా" అంది.

"తొమ్మిదికి నేను పనిలో ఉంటానండీ. ఎనిమిదింటికే దించి వెళ్ళాలి. ఒక్కదాన్నీ గేటు దగ్గర వదల్లేను."

"ఎనిమిదింటికే తీసుకురండి. నేనుంటాను."

ఆవిడ మొహంలో కోపం తగ్గలేదు. "చూస్తాను" అని కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. ఆ పిల్ల అప్పుడే అమ్మ మెడలో టేపు లాగి, సున్నా ఎక్కడుందో వెతుకుతోంది.

మర్నాడు టీచరు ఏడూ ముప్పావుకే వచ్చి గది తాళం తీసింది. ఎనిమిదింబావు దాకా ఎవరూ రాలేదు. అప్పుడు గేటు దగ్గర కందిరీగ చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ కనబడింది.